నాన్నగారు ఉమ్మి మింగలేకపోతున్నారు, గొంతు చూస్తే మామూలుగానే ఉంది. ఉదయం దాకా ఆగవచ్చా?

కిరణ్_జంగారెడ్డిగూడెం (శనివారం, రాత్రి 10:42)

నాన్నగారికి 58 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. నిన్న సాయంత్రం గొంతు నొప్పి అన్నారు. ఈ ఉదయం ఇడ్లీ మింగలేకపోయారు. మధ్యాహ్నానికి మంచినీళ్లు కూడా వద్దన్నారు. మా వీధిలోని ఆర్‌ఎంపీ గారు లైటు వేసి చూసి, టాన్సిల్స్ బాగానే ఉన్నాయి, పెద్దగా ఎరుపు కూడా లేదు అని చెప్పి ఇంజెక్షను చేసి వెళ్లారు. జ్వరం 101 ఉంది.

ఇప్పుడు ఉమ్మి కూడా మింగలేక పక్కన స్టీలు గ్లాసు పెట్టుకుని అందులో ఉమ్ముతున్నారు. ఉమ్మిన ప్రతిసారీ తీగలా సాగుతోంది, తువ్వాలుతో తుడుచుకుంటున్నారు. గొంతు కూడా మారిపోయింది, నోటినిండా ముద్ద ఉంచుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. పడుకోమంటే ఒప్పుకోవడం లేదు. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి ఉన్నారు. ఆక్సీమీటర్ పెడితే 97 చూపిస్తోంది. ఏలూరు వెళ్లాలంటే గంటన్నర పడుతుంది. ఈ రాత్రికి ఆగి ఉదయమే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్దామని అమ్మ అంటోంది. ఆగవచ్చా?

నల్లరేగడి (10:49)

కిరణ్ గారూ, కంగారు పడకండి. 97 ఉందంటే ఊపిరికి ఇబ్బంది లేనట్టే. కోవిడ్ రోజుల్లో 94 కంటే తగ్గితేనే ఆసుపత్రికి రమ్మనేవారు కదా. టాన్సిల్ వెనక చీము పడితే అచ్చం ఇలాగే ఉంటుంది. మా బావమరిదికి వచ్చింది, ఉమ్మి మింగలేక రాత్రంతా కూర్చున్నాడు, ఉదయం సూదితో చీము లాగేసరికి గంటలో కాఫీ తాగాడు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమనండి. తల కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టండి. ఉదయమే తీసుకువెళ్లండి.

మత్తు డాక్టర్ (10:53)

కిరణ్ గారూ, ఆగవద్దు. ఈ రాత్రే బయలుదేరండి. నేను ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే డాక్టరును. మీరు రాసినవాటిలో మూడు విషయాలు నన్ను భయపెడుతున్నాయి. ఉమ్మి మింగలేకపోవడం, గొంతు ముద్దగా మారడం, పడుకోలేక ముందుకు వంగి కూర్చోవడం. ఆ కూర్చోవడం ఆయన మొండితనం కాదు. అలా వంగితేనే గాలి దారి కాస్త తెరుచుకుంటోంది కాబట్టి శరీరమే అలా కూర్చోబెడుతోంది. దయచేసి పడుకోబెట్టకండి. పుక్కిలించనివ్వకండి. నీళ్లు, మాత్రలు, పాలు, తేనె ఏదీ నోట్లో వేయకండి.

ఒక ప్రశ్న. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆయన పక్కన నిలబడి వినండి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు శబ్దం వస్తోందా, బయటికి వదిలేటప్పుడా?

సుధ_ఈఎన్‌టీ (10:56)

మత్తు డాక్టర్ గారి మాటే నా మాట. ఇంకో మూడు ప్రశ్నలు, ప్రయాణానికి సిద్ధమవుతూనే జవాబివ్వండి. ఈ మధ్య కింది దవడ పంటి నొప్పి ఏమైనా వచ్చిందా? గడ్డం కింద చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా వాపు తగులుతోందా? నోరు పూర్తిగా తెరవగలుగుతున్నారా?

కిరణ్_జంగారెడ్డిగూడెం (11:01)

పంటి నొప్పి లేదు, గడ్డం కింద వాపు లేదు, నోరు బాగానే తెరుస్తున్నారు. మెడ ముందు భాగంలో, కంఠం దగ్గర ముట్టుకుంటే నొప్పి అంటున్నారు. టీవీ ఆపి విన్నాను. లోపలికి పీల్చేటప్పుడు సన్నగా కూతలాంటి శబ్దం వస్తోంది. సాయంత్రం ఇది లేదు. మా చిన్నాన్న కారు తెస్తున్నారు.

పల్లె నర్సు (11:04)

కిరణ్ బాబూ, కారులో ముందు సీటు నిటారుగా పెట్టి కూర్చోబెట్టు. ఎలా వంగితే ఆయనకు హాయిగా ఉంటే అలాగే వంగనివ్వు. ఉమ్మడానికి పాత తువ్వాలు ఇవ్వు, మింగమని మాత్రం బలవంతం చేయవద్దు. పొద్దుటి నుంచి తిండి లేదన్నావు, షుగరు మాత్ర ఏదైనా వేశారా? ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఇప్పుడే ఒకసారి చూడు. తిండి లేకుండా మాత్ర పడి ఉంటే షుగరు పడిపోతుంది. మింగలేని మనిషికి నోట్లో చక్కెర వేయలేము, సెలైన్ ద్వారానే ఎక్కించాలి. అందుకే అడుగుతున్నాను.

దారిలో ఉన్నప్పుడు ఇంకొకరి చేత ఆసుపత్రికి ఫోను చేయించు. గొంతు నొప్పి అని చెప్పవద్దు. "షుగరు ఉన్న మనిషి, ఉమ్మి మింగలేకపోతున్నారు, ఊపిరి పీలుస్తుంటే శబ్దం వస్తోంది, ఈఎన్‌టీ డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఉన్నారా" అని అడిగించు. గొంతు నొప్పి అంటే ఓపీకి రమ్మంటారు.

కిరణ్_జంగారెడ్డిగూడెం (11:09)

మాత్ర ఉదయం నుంచీ వేయలేదు, మింగలేకపోయారు. షుగరు 286. బయలుదేరుతున్నాం.

నల్లరేగడి (11:15)

వాళ్లు వెళ్లడం మంచిదే, నేను కాదనను. కానీ నాకు అర్థం కావాలి. 97 ఉంటే ఆక్సిజన్ సరిపోతున్నట్టే కదా? ఆర్‌ఎంపీ గారు గొంతు చూశారు, బాగుందన్నారు. మరి ఇంత అత్యవసరం ఏమిటి?

మత్తు డాక్టర్ (11:31)

మంచి ప్రశ్న, వివరంగానే చెబుతాను. కోవిడ్‌లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, అందుకే ఆక్సిజన్ ముందే పడిపోయింది. ఇక్కడ ఊపిరితిత్తులు బాగున్నాయి. చెడింది వాటికి వెళ్లే దారి. దారి ఇరుకైనా మనిషి గట్టిగా లాగి లాగి సరిపడా గాలి తెచ్చుకుంటాడు. అలా లాగే ఓపిక ఉన్నంతసేపు ఆక్సీమీటర్ 97, 98 చూపిస్తూనే ఉంటుంది. ఓపిక అయిపోయిన నిమిషాల్లోనే అది జారుతుంది. ఆ అంకె పడేదాకా ఎదురుచూస్తే మా చేతిలో పెద్దగా సమయం మిగలదు.

గొట్టం సగానికి ఇరుకైతే గాలికి అడ్డు రెట్టింపు అవుతుందని అనుకుంటాం. నెమ్మదిగా, నిలకడగా పారే గాలికి లెక్క వేస్తే అది పదహారు రెట్లు అవుతుంది. అందుకే సాయంత్రం లేని శబ్దం రాత్రికి వచ్చిందంటే వాపు కొంచెం పెరిగిందని కాదు, మిగిలిన దారిలో చాలా భాగం పోయిందని అర్థం.

ఇంకో మాట. ఆ కూత శబ్దం తగ్గిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మనిషి తేలికగా కూర్చుని, మాట బాగుపడి, ఉమ్మి మింగుతూ శబ్దం తగ్గితే నిజంగా మేలే. మగతగా తూగుతూ, చెమటలు పడుతూ తగ్గితే మాత్రం లోపలికి లాగే బలం అయిపోయింది, శబ్దం చేయడానికి సరిపడా గాలి కూడా కదలడం లేదని అర్థం. నేను ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఆ నిశ్శబ్దానికే.

సుధ_ఈఎన్‌టీ (11:44)

గొంతు మామూలుగా ఉంది అన్న మాట గురించి నేను చెబుతాను. టార్చి వేసి నోరు తెరిపిస్తే మనకు కనిపించేది టాన్సిల్స్, కొండనాలుక, వాటి వెనక గోడ. అంతవరకే. నాలుక మొదలు వెనక, కిందికి దిగినచోట ఉపజిహ్విక ఉంటుంది. మనం మింగేటప్పుడు స్వరపేటిక మీదికి వంగి అన్నం గాలిగొట్టంలోకి పోకుండా కాపాడేది అదే. దానికీ, దాని చుట్టుపక్కలకీ ఇన్ఫెక్షన్ వచ్చి ఉబ్బితే పై నుంచి చూసేవాళ్లకు ఏమీ కనిపించదు. ఆర్‌ఎంపీ గారు చూసింది నిజమే అయి ఉండవచ్చు. ఆయన చూసినచోట జబ్బు లేదు.

నల్లరేగడి గారూ, మీ బావమరిది విషయం కూడా నిజమే. టాన్సిల్ పక్కన చీము పడితే చొంగ కారుతుంది, గొంతు ముద్దగా అవుతుంది. కానీ అక్కడ నొప్పి ఒక పక్కకు ఉంటుంది, దవడ బిగుసుకుని నోరు సరిగ్గా తెరుచుకోదు, చూస్తే ఒక పక్క ఉబ్బి కొండనాలుక రెండో పక్కకు నెట్టుకుపోయి కనిపిస్తుంది. కిరణ్ గారి నాన్నగారికి నోరు బాగానే తెరుచుకుంటోంది, లోపల ఉబ్బు లేదు, అయినా ఉమ్మి కూడా దిగడం లేదు. నొప్పి ఇంత ఉండి, చూస్తే ఏమీ లేకపోవడం మామూలు గొంతు నొప్పిలో జరగదు. ఆ పొంతన కుదరకపోవడమే నాకు పెద్ద ఆధారం.

పంటి గురించి అడిగింది ఎందుకంటే, కింది దవడ చివరి పళ్ల నుంచి చీము నాలుక కిందికి దిగి నాలుకనే పైకి, వెనక్కి నెట్టేసే జబ్బు ఒకటి ఉంది. షుగరు ఉన్నవాళ్లలో మేము తరచూ చూస్తాం. గడ్డం కింద చెక్కలా గట్టిగా ఉంటుంది. అది లేదని కిరణ్ గారు చెప్పారు.

పారిజాతం (11:58)

మా అత్తగారికి ఉబ్బసం ఉంది. ఆవిడకూ శబ్దం వస్తుంది, ఇన్‌హేలర్ రెండుసార్లు పీలిస్తే తగ్గుతుంది. వాళ్లు దారిలో మెడికల్ షాపులో ఇన్‌హేలర్ కొని వాడవచ్చు కదా?

మత్తు డాక్టర్ (ఆదివారం, రాత్రి 12:06)

ఉబ్బసంలో శబ్దం ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువ, ఛాతీ లోపలి నుంచి పిల్లికూతల్లా వస్తుంది. ఇరుకైనవి ఊపిరితిత్తుల్లోని చిన్న గొట్టాలు, ఇన్‌హేలర్ మందు వాటిని సడలిస్తుంది. ఇక్కడ శబ్దం పీల్చేటప్పుడు, కంఠం దగ్గర నుంచి. అక్కడి వాపును ఆ మందు తగ్గించదు. అందుకే ఏ వైపు శబ్దమని మొదటే అడిగాను. ఉబ్బసం ఉన్న మనిషికి కూడా చొంగ కారుతూ మింగలేకపోవడం ఉంటే ఆ శబ్దాన్ని ఉబ్బసం ఖాతాలో వేయకండి.

భాస్కర్_నిజామాబాద్ (12:15)

నాకు కూడా ఇదే సమస్య! ఆరు నెలలుగా గొంతులో ఏదో ఉండ అడ్డుపడినట్టు ఉంటోంది. ఉమ్మి మింగుతుంటేనే ఎక్కువ తెలుస్తుంది. భోజనం చేస్తున్నప్పుడు మాత్రం ఏమీ ఉండదు. ఇది చదివాక భయం పట్టుకుంది. నేను కూడా ఇప్పుడే క్యాజువాల్టీకి వెళ్లాలా?

సుధ_ఈఎన్‌టీ (12:22)

భాస్కర్ గారూ, ఈ రాత్రి పడుకోండి. మీరు మింగగలుగుతున్నారు, మింగుతున్నట్టు మీకు తెలుస్తోంది, అంతే. అన్నం హాయిగా దిగుతోంది. తీరిక చూసుకుని ఒకసారి ఈఎన్‌టీ దగ్గర చూపించుకోండి, ఆమ్లం పైకి తన్నడం, ఆందోళన లాంటివి సాధారణంగా కారణమవుతాయి. ముద్ద నిజంగానే ఆగిపోతున్నా, బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా మాత్రం తీరిక కోసం చూడవద్దు.

డాలస్ తల్లి (12:40)

ఇక్కడ మాకు మధ్యాహ్నం. పోయిన చలికాలం మా రెండేళ్ల బాబు అర్ధరాత్రి కుక్క మొరిగినట్టు దగ్గుతూ లేచాడు, పీలుస్తుంటే శబ్దం. 911కి ఫోను చేశాం. ఆసుపత్రిలో క్రూప్ అన్నారు, నోటిద్వారా ఒక్క మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి, కాసేపు ఉంచి ఇంటికి పంపారు. దారిలో చల్లగాలికే సగం తగ్గింది. వాడు కూడా చొంగ కార్చాడు కానీ వాడికి దవడ పళ్లు వస్తున్నాయి. అది కూడా ఇదే జబ్బా? మళ్లీ వస్తే ఎలా గుర్తు పట్టాలి?

సుధ_ఈఎన్‌టీ (12:58)

అమ్మా, అది వేరు. క్రూప్‌లో వాపు స్వరపేటిక కింది భాగంలో. అందుకే మొరిగే దగ్గు, బొంగురు గొంతు. రెండు రోజుల జలుబు తర్వాత వస్తుంది, పిల్లవాడు సాధారణంగా పాలు, నీళ్లు మింగగలుగుతాడు. ఉపజిహ్విక వాచిన పిల్లవాడు దగ్గడు. కొన్ని గంటల్లోనే జ్వరం పేలిపోతూ, నిటారుగా కూర్చుని, గడ్డం ముందుకు చాచి, ఏడవడానికి కూడా భయపడుతూ, చొంగ మింగకుండా వదిలేస్తాడు. పిల్లల్లో దీనికి ప్రధాన కారణమైన హిబ్ అనే బ్యాక్టీరియాకు టీకా వచ్చాక ఈ జబ్బు చాలా అరుదైంది. మన దేశంలో ఆ టీకా పెంటావాలెంట్‌లో భాగంగా 6, 10, 14 వారాలకు ఇస్తున్నారు. ఇప్పుడు మేము ఎక్కువగా చూసేది కిరణ్ గారి నాన్నగారి లాంటి పెద్దవాళ్లలోనే.

పళ్లు వచ్చేటప్పటి చొంగ రోజుల తరబడి ఉంటుంది, పిల్లవాడు ఆడుతూ తింటూ ఉంటాడు. ఆరోగ్యంగా ఆడుతున్న పిల్లవాడు జ్వరమేమీ లేకుండా హఠాత్తుగా చొంగ కార్చడం, తిండి వద్దనడం మొదలుపెడితే నాణెమో, బొమ్మలోని గుండీ బ్యాటరీయో మింగాడేమో అనుకుని ఎక్స్‌రే తీయించాలి, అదీ వెంటనే. బ్యాటరీ అయితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయడం మొదలుపెడుతుంది.

పల్లె నర్సు (1:10)

ఒక్కటి చెప్పాలి. పిల్లవాడు చొంగ కారుస్తూ శబ్దంతో ఊపిరి పీలుస్తుంటే చెంచాతో నాలుక నొక్కి చూడవద్దు, వేలు పెట్టవద్దు, తల్లి ఒళ్లో నుంచి లాక్కోవద్దు. ఏడుపుతోనే దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. ఒళ్లోనే ఉంచి ఆసుపత్రికి తీసుకురావాలి.

మత్తు డాక్టర్ (1:18)

అవును. పెద్దవాళ్లలో అంత నిషేధం లేదు. వాళ్లంతట వాళ్లు నోరు తెరిస్తే లైటు వేసి చూడటం వల్ల ప్రమాదం తక్కువ. చూసి ఏమీ లేదు కదా అని ఇంటికి పంపేయడంలోనే ప్రమాదం ఉంది.

చరిత్ర పుటలు (ఆదివారం, ఉదయం 6:35)

రాత్రి ఈ చర్చ చదువుతుంటే జార్జి వాషింగ్టన్ చివరి రోజు గుర్తుకొచ్చింది. 1799 డిసెంబరు 12న ఆయన మంచులో గుర్రం మీద తన పొలాలు తిరిగి వచ్చారు. 13న గొంతు నొప్పి. 14న ఇంకా తెల్లవారకముందే ఊపిరాడక లేచారు. చెరకు మడ్డి, వెనిగర్, వెన్న కలిపి తాగించబోతే ఒక్క చుక్క మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యారు. పుక్కిలించబోయినప్పుడు కూడా దాదాపు ఊపిరి ఆగినంత పనైంది. ఆ రోజు పలుమార్లు నెత్తురు తీశారు. చూసిన ముగ్గురు వైద్యుల్లో చిన్నవాడైన ఎలీషా డిక్, గాలిగొట్టానికి రంధ్రం చేద్దామని అడిగాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆ రాత్రి పది దాటాక ఆయన కన్నుమూశారు. వయసు 67. అది ఉపజిహ్విక వాపే అయి ఉంటుందని ఇప్పటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. డిక్ మాట విని ఉంటే బతికేవారా?

మత్తు డాక్టర్ (7:20)

బతికే అవకాశం దానితోనే ఉంది. కాకపోతే మత్తు మందులు లేని ఆ కాలంలో, అంత నెత్తురు తీసిన మనిషికి ఆ కోత పెట్టడం ఎంత కష్టమో ఊహించగలను, అందుకే ఆ ఇద్దరినీ తప్పుపట్టలేను. నేను గమనించింది ఆ పుక్కిలింత. గొంతు నొప్పికి అలవాటుగా చేసేదే. మింగలేని గొంతులో అది దిగదు, గాలిదారి ముఖద్వారం దగ్గర నిలుస్తుంది. మనిషి ఉలిక్కిపడి దగ్గుతాడు, అంతవరకూ మిగిలిన కాస్త దారి అక్కడే బిగుసుకుంటుంది.

కిరణ్_జంగారెడ్డిగూడెం (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

అందరికీ నమస్కారం. రాత్రి పావు తక్కువ ఒంటిగంటకు ఏలూరు చేరాం. దారిలో నాన్నగారు ఒకసారి సీటు వెనక్కి వాలారు, వెంటనే గిలగిలలాడి మళ్లీ ముందుకు వంగారు. పల్లె నర్సు గారు చెప్పిన మాటలే చిన్నాన్న ఫోనులో చెప్పారు, మేము వెళ్లేసరికి ఈఎన్‌టీ డాక్టరు వచ్చి ఉన్నారు. కూర్చోబెట్టే ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. ముక్కులో నుంచి సన్నని కెమెరా గొట్టం దింపారు. నాకు కూడా తెరమీద చూపించారు. ఆకులా పలచగా ఉండాల్సినది బొటనవేలు అంత లావుగా, ఎర్రగా ఉబ్బి ఉంది. దాని వెనక స్వరపేటిక అంచు మాత్రమే కనిపించింది.

గాలిదారికి గొట్టం వేయాలన్నారు. వార్డులో కాదు, ఆపరేషన్ థియేటర్‌లోనే, కూర్చోబెట్టే, మెలకువగా ఉంచే వేస్తామన్నారు. అది కుదరకపోతే మెడ దగ్గర రంధ్రం చేయడానికి అన్నీ పక్కనే సిద్ధంగా పెట్టుకుంటామని చెప్పి సంతకం తీసుకున్నారు. అమ్మ చాలా భయపడింది. రంధ్రం అవసరం పడలేదు. గొట్టం పడింది. ఇప్పుడు ఐసీయూలో ఉన్నారు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఇస్తున్నారు, షుగరుకు ఇన్సులిన్ ఇస్తున్నారు.

ఒక సందేహం. ఇంత హడావిడి ఎందుకు, మందులు ఇచ్చి చూడవచ్చు కదా అని మా బంధువు ఒకాయన అంటున్నారు. నిజంగా గొట్టం అవసరమేనా?

సుధ_ఈఎన్‌టీ (3:05)

చాలా సంతోషం కిరణ్ గారూ. మీ బంధువు అడిగింది అసలు తప్పు కాదు. పెద్దవాళ్లలో ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి గొట్టం వేయరు. ఐసీయూలో కూర్చోబెట్టి, యాంటీబయాటిక్ ఇస్తూ, కెమెరాతో మళ్లీ మళ్లీ చూస్తూ కాపలా కాస్తారు. గొట్టం వైపు మొగ్గేది ఎప్పుడంటే, ఒక రోజులోనే వేగంగా ముదిరినప్పుడు, కూత శబ్దం మొదలైనప్పుడు, ఉమ్మి కూడా దిగనప్పుడు. షుగరు ఉంటే మొగ్గు ఇంకా పెరుగుతుంది. మీ నాన్నగారిలో ఇవన్నీ ఉన్నాయి. పైగా కెమెరాలో స్వరపేటిక అంచే కనిపించిందన్నారు. నేనైనా అదే చేసేదాన్ని.

నల్లరేగడి (3:30)

దేవుడి దయ. నేను చదివింది ఒకటి అడుగుతాను. షుగరు ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ ఇస్తే చక్కెర పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ కూడా పెరగవచ్చు అంటారు. మరి ఇవ్వడం సరైనదేనా?

మత్తు డాక్టర్ (3:52)

ఇది మా మధ్య కూడా తేలని విషయం. వాపు త్వరగా తగ్గుతుందని చాలామంది ఇస్తారు, నేనూ ఇస్తాను. కానీ ఉపజిహ్విక వాపులో స్టెరాయిడ్ వల్ల ఐసీయూ రోజులు తగ్గాయనో, గొట్టం అవసరం తప్పిందనో గట్టిగా చెప్పే రుజువు లేదు. క్రూప్‌లో ఉన్నంత స్పష్టత ఇక్కడ లేదు. చక్కెర పెరుగుతుందన్నది నిజం, అందుకే ఇన్సులిన్ పెట్టారు.

సుధ_ఈఎన్‌టీ (4:10)

షుగరు బాగా ఎక్కువగా ఉన్నవారికి నేను వెనకాడతాను, ముందు యాంటీబయాటిక్ పని చేయనిచ్చి చూస్తాను. ఇక్కడ మత్తు డాక్టర్ గారికీ నాకూ తేడా ఉంది.

పల్లె నర్సు (సోమవారం, రాత్రి 9:20)

నాకు ఇంకో విషయం మనసులో తిరుగుతోంది. జంగారెడ్డిగూడెంలోనే ఏరియా ఆసుపత్రి ఉంది కదా. నాలాంటి వాళ్లం అక్కడే ఉంటాం. ముందు అక్కడ ఆగి ఆక్సిజన్, ఒక ఇంజెక్షను ఇప్పించుకుని 108లో వెళ్లి ఉండాల్సిందని నా అభిప్రాయం. సొంత కారులో గంటన్నర, పక్కన ఆక్సిజన్ కూడా లేకుండా, దారిలో ఆగిపోయి ఉంటే ఏమిటి గతి?

మత్తు డాక్టర్ (9:41)

నేను ఇందులో సగమే ఒప్పుకుంటాను. అక్కడ ఆ రాత్రి డ్యూటీలో మత్తు డాక్టరు ఉండి ఉంటే తప్పకుండా ఆగాలి. లేకపోతే చీటీ రాయడం, సూది గుచ్చడం, పడుకోబెట్టి పరీక్షించడం, ఇవన్నీ చేస్తూ అరగంట పోతుంది. గాలిదారికి గొట్టం వేయగలిగిన మనిషి దగ్గరికి ఎంత త్వరగా చేరతామన్నదే నాకు లెక్క.

పల్లె నర్సు (9:55)

అరగంట పోదు సార్. ఆక్సిజన్ పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. దారిలో ఊపిరి తగ్గితే 108 సిబ్బంది దగ్గర మాస్కు, సంచి ఉంటాయి, చిన్నాన్న గారి కారులో ఏముంటుంది? వాపు వచ్చిన గొంతులోకి సంచితో గాలి పంపడం కష్టమని నాకూ తెలుసు. అయినా ఏమీ లేకపోవడం కంటే మేలు కదా.

సుధ_ఈఎన్‌టీ (10:12)

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, నేను తీర్పు చెప్పలేను. 108 పది నిమిషాల్లో వస్తుందా, గంటలో వస్తుందా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. ఫోను చేస్తూనే బయలుదేరడానికి సిద్ధపడటం, బండి దగ్గరలో ఉందంటే ఎక్కడం, లేదంటే ఆగకుండా వెళ్లి దారిలో కలుసుకోవడం, మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ఇలా చేస్తుంటారు.

కిరణ్_జంగారెడ్డిగూడెం (బుధవారం, సాయంత్రం 6:50)

ఉదయం గొట్టం తీశారు. తీసేముందు మళ్లీ కెమెరాతో చూసి, వాపు బాగా తగ్గిందని, గొట్టం చుట్టూ గాలి లీకవుతోందని నిర్ధారించుకున్నాకే తీశారు. గొంతు బొంగురుగా ఉంది, కానీ ఉమ్మి మింగుతున్నారు. మధ్యాహ్నం కొద్దిగా నీళ్లు, తర్వాత గంజి ఇచ్చారు. మూడు నెలల షుగరు సగటు 10.4 వచ్చింది, మాత్రలు సరిపోవు, ఇన్సులిన్ కొనసాగించాలి అన్నారు.

పల్లె నర్సు గారు అడిగాక 108 వాళ్ల దగ్గర కనుక్కున్నాను. ఆ రాత్రి మా దగ్గరి బండి వేరే కేసు మీద పోలవరం వైపు వెళ్లిందట. ఏరియా ఆసుపత్రిలో ఆ సమయానికి మత్తు డాక్టరు ఉన్నారో లేదో మాత్రం ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు.

ఇంకొక్కటి అడగాలి. మా అక్క కొడుకుకు నాలుగు నెలలు, మా ఇంట్లోనే ఉన్నాడు. నాన్నగారి నుంచి వాడికి అంటుతుందా? పెంటావాలెంట్ రెండు మోతాదులు పడ్డాయి, మూడోది జ్వరం వల్ల వాయిదా వేశాం.

సుధ_ఈఎన్‌టీ (7:25)

పెద్దవాళ్లలో కారణం చాలాసార్లు వేరే బ్యాక్టీరియా ఉంటుంది, కొన్నిసార్లు ఏదీ దొరకదు. రక్తం కల్చర్ పంపి ఉంటారు, రిపోర్టు వచ్చిందేమో ఐసీయూలో అడగండి. హిబ్ అని వస్తే ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడని, టీకా పూర్తి కాలేదని వాళ్లకు చెప్పండి, ఇంట్లో అందరికీ కొన్ని రోజులు రిఫాంపిసిన్ ఇవ్వాలా అని వాళ్లు ఆలోచిస్తారు. వేరేది వస్తే అది అవసరం లేదు. రిపోర్టు ఏదైనా సరే, బాబుకు జ్వరం తగ్గి ఉంటే మూడో మోతాదు ఆలస్యం చేయకండి. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటి నుంచే వేస్తారు.

కిరణ్_జంగారెడ్డిగూడెం (7:40)

జ్వరం తగ్గి వారమైంది డాక్టరుగారూ. టీకా రోజు ఎప్పుడో అక్కను ఏఎన్‌ఎం గారిని అడగమంటాను. కల్చర్ రిపోర్టు రేపు వస్తుందన్నారు, రాగానే ఇక్కడ పెడతాను.